"మాకేం పట్టింపుల్లేవు" అన్న ఇళ్లలో అసలు లెక్క ఎలా తీస్తారు?

నెల్లూరులో అద్దెకి ఇల్లు వెతికినవాళ్లెవరికైనా ఇది కొత్తేం కాదు. టులెట్ బోర్డు చూసి బెల్లు కొడతాం. ఓనరమ్మ గ్రిల్లు గేటు అవతలే నిలబడి ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, బంధువులు ఎక్కువ వస్తారా అని అడుగుతుంది. అన్నిటికీ సరే అనిపించాక ఆఖర్న గొంతు కాస్త తగ్గించి "ఇంతకీ మీరెవురు?" అంటుంది. ఆ "ఎవురు" పేరు కోసం కాదని గేటుకి ఇవతలున్న మనకీ తెలుసు, అవతలున్న ఆమెకీ తెలుసు. జవాబు నచ్చకపోతే "మా చెల్లెలు కొడుకు వస్తానన్నాడు, రెండు రోజులాగి చెప్తాం" అంటుంది, ఆ రెండు రోజులు ఎప్పటికీ పూర్తికావు.

అదే ఓనరమ్మ దగ్గరికి సర్వే ట్యాబ్ పట్టుకుని వెళ్లి "ఎస్సీ కుటుంబం వచ్చి అడిగితే ఇల్లిస్తారా అమ్మా?" అని అడిగితే ఏం చెప్తుంది? నేను కొన్నేళ్ల కిందట ఒక సర్వేలో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే పని చేశాను, బాలాజీనగర్, వేదాయపాళెం వైపు. దాదాపు ప్రతి గడపలోనూ విన్న మాట ఒకటే: "మాకేం పట్టింపుల్లేవు నాయనా, ఎవురైనా మనుషులే గదా." ట్యాబ్‌లో "అవును, ఇస్తాం" అని నొక్కి పక్కింటికి వెళ్లేవాణ్ణి. ఆ ఊళ్లోనే మా స్నేహితుడొకడు పదకొండు ఇళ్లు తిరిగి, చివరికి ఊరి బయట గది తీసుకున్నాడు. రెండూ ఒకే ఊళ్లో నిజం. నేను నింపిన ఫారాల్లో ఒకటే ఉంది, అది నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది.

ఆ ఓనర్లందరూ కావాలని అబద్ధం చెప్తున్నారని నేననను. ఆ ప్రశ్న అడిగినప్పుడు వింటున్నది నేనొక్కణ్ణే కాదు. పక్కింటామె అరుగు మీద కూర్చుని వింటోంది, లోపల కాలేజీకి వెళ్లే కూతురు వింటోంది, ఆమె మనసులో తన గురించి తనకున్న మంచి అభిప్రాయం కూడా వింటోంది. పైగా నా ఇంటిపేరు, నా యాస, నా మొహం చూసి నేనెవరో ఆమె అప్పటికే ఒక అంచనాకి వచ్చి ఉంటుంది, దాన్ని బట్టి మాట సర్దుకుంటుంది. ఇంతమంది వింటుంటే నిజం బయటికి రావాలంటే ప్రశ్నని గట్టిగా అడిగి లాభం లేదు, ఆమె ఏం చెప్పిందో నాకు కూడా తెలియకుండా అడగాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ దారి సరిగ్గా అదే.

ఈ దారికి మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది, అది కూడా పొరుగిల్లు గురించే. 1991లో అక్కడ జాతి గురించి చేసిన ఒక జాతీయ సర్వేలో జనాన్ని లాటరీ పద్ధతిలో గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడు విషయాలు చదివి వినిపించారు: పెట్రోలు మీద పన్ను పెంచడం, ఆటగాళ్లు కోట్లు సంపాదించడం, పెద్ద కంపెనీలు గాలినీ నీళ్లనీ పాడుచేయడం. వీటిలో ఎన్ని మీకు కోపం తెప్పిస్తాయో సంఖ్య మాత్రం చెప్పండి, ఏవో చెప్పొద్దు అన్నారు. ఇంకో గుంపుకి ఆ మూడిటికి తోడు నాలుగోది కలిపారు: నల్లజాతి కుటుంబం మీ పక్కింట్లోకి రావడం. రెండు గుంపులూ లాటరీలో వచ్చినవే కాబట్టి మొదటి మూడు విషయాల మీద కోపం రెండిట్లోనూ సగటున ఒకేలా ఉండాలి. రెండో గుంపు సగటు ఎంత పెరిగితే అంత పెరుగుదలా ఆ నాలుగో విషయానిదే.

జేమ్స్ కుక్లిన్‌స్కీ, మైకేల్ కాబ్, మార్టిన్ గిలెన్స్ ఈ లెక్కని 1997లో ప్రచురించారు. దక్షిణ రాష్ట్రాల తెల్లవాళ్లలో మొదటి గుంపు సగటు 1.95, రెండో గుంపుది 2.37. తేడా 0.42, అంటే నూటికి 42 మందికి ఆ పొరుగు కోపం తెప్పిస్తోందన్నమాట. మిగతా రాష్ట్రాల్లో 2.28, 2.24 వచ్చాయి. తేడా మైనస్‌లో ఉంది, మైనస్ నాలుగు మంది అంటే అర్థం లేదు కాబట్టి అది సున్నాకి అటూ ఇటూ ఊగిన అంకె అనుకోవాలి. ఎవరు కోపగించారో అడిగినవాళ్లకి తెలియదు, ఏ ఒక్కరి జవాబునీ వేలెత్తి చూపలేరు, కానీ ఎంతమంది అన్నది తెలిసింది. దీన్ని లిస్ట్ ఎక్స్‌పెరిమెంట్ అంటారు.

దీన్ని నెల్లూరు ఓనర్ల దగ్గరికి తెస్తే లిస్టు ఎలా రాయాలి? అసలు పనంతా ఇక్కడే ఉంది. "ఇలాంటివాళ్లు వచ్చి అడిగితే వీళ్లలో ఎంతమందికి మీరు ఇల్లివ్వరు?" అని అడుగుతూ నాలుగు మామూలు రకాలు పెడతాం అనుకుందాం. అడ్వాన్స్ అస్సలు ఇవ్వలేమన్నవాళ్లు. పసిపిల్లలున్న కుటుంబం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్లి పగలంతా ఇంటికి తాళం వేసేవాళ్లు. రెండు బైకులున్న కుటుంబం. సగం మంది ఓనర్లకి ఈ నాలుగే, మిగతా సగానికి ఐదోదిగా "ఎస్సీ కుటుంబం" అని కలుపుతాం.

ఈ నాలుగూ నోటికొచ్చినట్టు పెట్టినవి కావు. అడ్వాన్స్ ఇవ్వనివాళ్లకి దాదాపు ఏ ఓనరూ ఇల్లివ్వడు, అందుకే అది ఉండాలి, లేకపోతే చాలామంది లెక్క సున్నాలోనే ఆగిపోతుంది. సున్నా మీద ఒకటి చెప్పారంటే అది ఐదోదే అని ఎవరైనా ఊహిస్తారు, ఆ భయం చెప్పేవాళ్లకీ ఉంటుంది. రెండు బైకులున్నాయని ఇల్లివ్వనివాళ్లు దాదాపు ఉండరు, అది కూడా ఉండాలి, లేకపోతే కొందరు "ఐదుకి ఐదూ" అనాల్సి వస్తుంది, అలా అన్నారంటే ఇక దాగేదేం లేదు. మధ్యలో ఉన్న రెండూ ఒకదానికొకటి ఎదురు. పిల్లల అల్లరి పడని ఓనరు తాళం వేసుకుని పోయే ఉద్యోగస్తుల్ని ఇష్టపడతాడు, ఇంట్లో ఎప్పుడూ మనిషుండాలనుకునే ఓనరుకి పిల్లలున్న కుటుంబమే కావాలి. అలా ఎదురెదురుగా ఉంటే ఎక్కువమంది జవాబు ఒకటి, రెండు దగ్గరే తిరుగుతుంది, ఐదోది వాటి మధ్య హాయిగా దాక్కుంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇవి నేను అర్థం కోసం రాస్తున్న అంకెలు, ఏ సర్వేలోవీ కావు. 800 మంది ఓనర్లు, రెండు గుంపులకి నాలుగేసి వందలు. నాలుగు రకాలు విన్నవాళ్ల సగటు 1.90, ఐదు విన్నవాళ్ల సగటు 2.25 వచ్చిందనుకోండి. తేడా 0.35, అంటే నూటికి 35 మంది ఓనర్లు. ఇక్కడే పేపర్లో హెడ్డింగ్ పెట్టేయాలనిపిస్తుంది, కానీ ఆగాలి. ఒక్కో ఓనరు చెప్పే సంఖ్య సగటుకి 0.9 అటూ ఇటూ ఉంటుందనుకుంటే, ఈ 35 చుట్టూ పన్నెండు పదమూడు పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. అంటే నిజమైన లెక్క దాదాపు 23 నుంచి 47 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అదే 800 మందిని నేరుగా అడిగితే ఊగిసలాట రెండు పాయింట్లే, కాకపోతే ఆ లెక్క నిలబడేది తప్పుడు అంకె చుట్టూ. ఈ 12ని 6కి దించాలంటే 800 సరిపోరు, 3,200 మందిని అడగాలి. దాపరికం ఉచితంగా రాదు, దానికి ధర ఈ ఎక్కువ ఇళ్లే. అందుకే ఈ పద్ధతిని వాడే ముందు అసలు ఈ విషయాన్ని జనం దాస్తున్నారా అని చూసుకోవాలి.

అది ఊరిని బట్టి మారుతుంది. నికరాగ్వా దేశంలో 2008 మున్సిపల్ ఎన్నికల తర్వాత ఓటుకి డబ్బో వస్తువో తీసుకున్నారా అని నేరుగా అడిగితే నూటికి రెండున్నర మంది కూడా ఒప్పుకోలేదు, లిస్టు ద్వారా అడిగితే 24 మంది దాకా తేలారు. అది చూసి మన దగ్గర కూడా అలాగే చేద్దామని ఎవరైనా అంటే నేను వద్దంటాను. మన పల్లెల్లో ఎన్నికల రోజుల్లో ఏ పార్టీ ఎంతిచ్చింది, ఎవరికి అందలేదు అన్నది టీ కొట్టు దగ్గర గొంతు తగ్గించకుండానే మాట్లాడుకుంటారు. ఎవరూ దాచని దాని కోసం లిస్టు పెడితే దక్కేది ఊగిసలాట ఒక్కటే. గ్రేమ్ బ్లెయిర్, అలెగ్జాండర్ కాపాక్, మార్గరెట్ మూర్ 2020లో ముప్పై ఏళ్ల లిస్ట్ ఎక్స్‌పెరిమెంట్లని కలిపి చూసి, చాలా విషయాల్లో జనం దాచేది పది పాయింట్లకన్నా తక్కువేనని తేల్చారు. పది పాయింట్లు పట్టుకోవడానికి పన్నెండు పాయింట్ల ఊగిసలాట ఉన్న కొలబద్ద పనికిరాదు.

గడప దగ్గర ఏం తేడా కొడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కాగితం మీద ఎంత బాగున్నా ఇది పాడయ్యేది అక్కడే. "ఎన్నో మాత్రం చెప్పండి" అని ఎన్నిసార్లు చెప్పినా ఒక పెద్దామె నేను ఒక్కొక్కటీ చదవగానే "ఆఁ, ఇస్తాం", "ఇయ్యం", "పిల్లలా, ఇస్తాంలే" అని గట్టిగా జవాబు చెప్పుకుంటూ పోయింది. పక్కింటామె కూడా వింటోంది. ఆ ఫారం పోయినట్టే. తర్వాత మాకు పనికొచ్చిన ఉపాయం చింతగింజలు. ఐదు గింజలు కుడి చేతిలో పెట్టి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకోమని, నేను చదివేవాటిలో ఇల్లివ్వనివాళ్లు తగిలినప్పుడల్లా ఒక గింజ ఎడమ చేతిలోకి మార్చమనేవాణ్ణి. అన్నీ అయ్యాక ఎడమ గుప్పిట తెరిచి చూపిస్తారు, నేను లెక్క రాసుకుంటాను. ఏ గింజ దేనికి కదిలిందో గింజకే తెలియాలి. చదువురాని వాళ్లకే కాదు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయనకి కూడా అదే తేలికైంది. అసలు ప్రశ్నకి ముందు కూరగాయలతోనో పండగలతోనో ఒకసారి అలవాటు చేయించాలి, లేకపోతే మొదటి లిస్టులోనే తడబడతారు.

లిస్టు పాడైందని తర్వాత లెక్కల్లో కూడా పట్టుకోవచ్చు. ఒక రకాన్ని కలిపితే ఎవరి సంఖ్యా తగ్గడానికి వీల్లేదు, ఉన్నంత ఉండాలి లేదా ఒకటి పెరగాలి. నాలుగు విన్న గుంపులో నూటికి ఐదుగురు "సున్నా" అని, ఐదు విన్న గుంపులో పన్నెండు మంది "సున్నా" అన్నారనుకోండి. అంటే "ఎస్సీ కుటుంబం" అన్న మాట చెవిన పడగానే కొందరు ఉలిక్కిపడి, మిగతావి కూడా కలుపుకుని మొత్తం కిందకి దించేశారు. అప్పుడు వచ్చే 35 కూడా తక్కువ అంచనాయే అవుతుంది, అలాంటప్పుడు లిస్టు మార్చుకుని మళ్లీ వెళ్లాలే తప్ప ఉన్న అంకెని గట్టిగా నమ్మకూడదు.

సరే, ఎంతమంది అన్నది తెలిసిందనుకుందాం. ఆ మాట చెప్పగానే నెల్లూరులో ఎదురొచ్చే జవాబు నాకు ముందే తెలుసు: "కులం కాదండీ, నాన్‌వెజ్. మాది శాకాహారుల ఇల్లు." ఈ మాటని కొట్టిపారేయకూడదు, నిజంగానే చేపల వాసన పడనివాళ్లు ఉంటారు, చేపల పులుసుకి పేరున్న ఊళ్లో కూడా ఉంటారు. కానీ అది కారణమా, ముసుగా అన్నది లిస్టు చెప్పలేదు. దానికి విన్యెట్ కావాలి. విన్యెట్ అంటే ఐదారు వాక్యాల చిన్న కథ, అందులో ఒకటి రెండు మాటలు మాత్రం ఇంటికీ ఇంటికీ మారుతుంటాయి.

కథ ఇలా ఉందనుకోండి. "రమేష్‌కి ముప్పై రెండేళ్లు, కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్. భార్య, ఒక పాప. సొంతూరు కందుకూరు దగ్గర పల్లె, తండ్రి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంటాడు. రెండు నెలల అడ్వాన్స్ ఇస్తానన్నాడు. ఇంట్లో నాన్‌వెజ్ వండుకోరు. మీ పోర్షన్ అడిగితే ఇస్తారా?" రెండో రకంలో "తండ్రి ఇప్పటికీ ఆ ఊరి ఎస్సీ కాలనీలోనే ఉంటాడు" అని ఉంటుంది. మూడు, నాలుగు రకాల్లో ఈ రెండు మాటలే ఉంచి, నాన్‌వెజ్ వండుకుంటారని మారుస్తాం. మొత్తం నాలుగు కథలు. ఒక ఓనరు వినేది ఒక్కటే, అది కూడా లాటరీలో వచ్చినది. కులం గురించి అడుగుతున్నారని ఆమెకి అనిపించదు, ఎందుకంటే ఆమె విన్న కథలో అన్నీ మామూలు వివరాలే, పక్కింటామె విన్న కథ ఎలా ఉందో ఆమెకి తెలియదు. రెండు రకాలూ ఒకరికే చెప్తే మాత్రం తేడా ఇట్టే పట్టేసి రెండిటికీ ఒకే జవాబు చెప్తారు.

కథకి రెండొందల మంది చొప్పున అడిగామనుకోండి, ఇవీ ఊహించిన అంకెలే. కాలనీ మాట లేని శాకాహారికి నూటికి 82 మంది ఇస్తామన్నారు, నాన్‌వెజ్ వండేవాడికి 70. కాలనీ మాట ఉన్న శాకాహారికి 58, నాన్‌వెజ్ వండేవాడికి 52. తిండి వల్ల కాలనీ మాట లేని రమేష్‌కి 12 పాయింట్లు తగ్గాయి, కాబట్టి తిండి పట్టింపు ఉత్తమాట కాదు. కానీ 82కీ 58కీ మధ్య ఉన్న 24 పాయింట్లు చూడండి. ఇద్దరూ నాన్‌వెజ్ వండరు, ఇద్దరిదీ అదే ఉద్యోగం, అదే అడ్వాన్స్. ఆ 24ని తిండి మీదకి నెట్టడానికి వీల్లేదు. ఈ తేడాకి ఊగిసలాట తొమ్మిది పాయింట్ల దాకా ఉంటుంది, అది తీసేసినా మిగులుతుంది. తిండి వల్ల ఒకచోట 12, ఇంకోచోట 6 తగ్గింది కదా అని దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు, రెండొందల మందితో ఆ రెండిటి మధ్య తేడా తేలదు.

కథ రాయడంలో నన్ను బాగా ఆలోచింపజేసింది కులాన్ని ఎలా సూచించాలన్నది. ముందు పేరు మారుద్దామనుకున్నాం. పేరు చివర రెడ్డి, నాయుడు పెడితే ఒక వైపు తెలిసిపోతుంది. రెండో వైపు ఏసు పేరో, బైబిల్ పేరో పెడితే ఎస్సీ అనుకుంటారు నిజమే, కానీ దాంతోపాటు మతం కూడా మారిపోతుంది, అప్పుడు వచ్చిన తేడా కులానిదో చర్చిదో విడదీయలేం. ఎస్సీ కాలనీ అంటే ఆ చిక్కు తగ్గుతుంది గానీ వేరే చిక్కు వస్తుంది. కాలనీ అనగానే వినేవాళ్లు పేదరికం కూడా ఊహించుకుంటారు, అద్దె సరిగ్గా కడతాడో లేదో అనుకుంటారు. అందుకే ఉద్యోగం, అడ్వాన్స్ నాలుగు కథల్లోనూ విడమరిచి చెప్పేయాలి, ఊహకి చోటు ఉంచకూడదు. కథ అయ్యాక "ఈయన జీతం ఎంత ఉంటుందనుకుంటున్నారు?" అని ఒక్క ప్రశ్న వేసి చూడాలి. కాలనీ కథ విన్నవాళ్లు జీతం తక్కువ చెప్తుంటే మన కథలో కులం ఒక్కటే మారలేదని అర్థం.

ఇంత చేసినా అది నోటి మాటే. 1934లో రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక చైనీయ జంటతో కలిసి అక్కడి హోటళ్లు, లాడ్జీలు 251 తిరిగిన అనుభవాన్ని ప్రచురించాడు. ఒక్కచోట తప్ప అందరూ చోటిచ్చారు. తర్వాత వాళ్లకే ఉత్తరాలు రాసి చైనీయులకి చోటిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇవ్వమన్నారు. అక్కడ నోరు కటువు, చేత మెత్తన. మన అద్దె ఇళ్ల దగ్గర నేను చూసింది దానికి తిరగబడ్డ కథ. ఏ వైపు తేడా ఉంటుందో ముందే చెప్పలేం, కాబట్టి ఆ 58 మందీ నిజంగా తాళం చేతికిస్తారని విన్యెట్ హామీ ఇవ్వదు. రెండు రకాల రమేష్‌ల మధ్య తేడానే నమ్మాలి, ఒక్కో అంకెని విడిగా కాదు.

నిజమైన పనికి దగ్గరగా అడిగితే నమ్మకం పెరుగుతుందని స్విట్జర్లాండ్‌లో తేలింది. అక్కడ కొన్ని ఊళ్లలో విదేశీయులకి పౌరసత్వం ఇవ్వాలా అని ఊరంతా ఓటేసేవాళ్లు. జెన్స్ హైన్‌ముల్లర్, డొమినిక్ హాంగార్ట్‌నర్, టెప్పెయ్ యమమోటో ఆ ఓట్ల ఫలితాల పక్కన సర్వే జవాబులు పెట్టి 2015లో పోల్చారు. ఇద్దరు మనుషుల వివరాలు పక్కపక్కన చూపించిన రకం నిజం ఓట్లకి చాలా దగ్గరగా వచ్చింది, ఒక్క కథ చెప్పి అడిగిన రకం వెనకబడింది. ఇద్దరి మధ్య ఉద్యోగం, వయసు, సొంతూరు ఇలా చాలా మారుతుంటాయి కాబట్టి అసలు ప్రశ్న దేని గురించో చూసేవాళ్లకి తెలియదు. మన ఓనర్లకి ఇది ఇంకా సహజం: "ఒకే రోజు ఇద్దరొచ్చారు, ఉన్నది ఒక్క పోర్షనే, ఎవరికిస్తారు?"

నేనైతే ఇంకొకటి కూడా రాసుకోమంటాను, ఫారంలో దానికి గడి ఉండదు. ఒకసారి ప్రాక్టీసు కోసం సొంతూరి వాక్యం లేకుండా కథ చదివాను. ఓనరమ్మ మొత్తం శ్రద్ధగా వింది. ఉద్యోగం బాగుందంది, అడ్వాన్స్ బాగుందంది, ఇస్తారా అని అడిగితే మాత్రం కాసేపు ఆగి, గ్రిల్లు మీద చేయి పెట్టి అంది: "అదంతా సరే నాయనా, ఇంతకీ ఆ పిల్లోడిది ఏ ఊరు, వాళ్ల నాయన యాడుంటాడు?"